సగటు ధర 287

ఇది కథలాగే మొదలుపెట్టాను. ఒక ఇంటర్న్ ఉంటుంది, తను పంపిన రిపోర్టులో తప్పు ఉందని తనకే తెలుస్తుంది, భయపడుతుంది, మేనేజర్‌కి చెప్తుంది. రెండు పేజీలు రాసి మా రూమ్‌మేట్‌కి చూపిస్తే "ఇందులో ట్విస్ట్ ఏదే?" అంది. ట్విస్ట్ ఉంది. కాకపోతే అది లెక్కలో ఉంది. లెక్క తీసేసి రాస్తే "నిజం చెప్పడం మంచిది" అనే మూడో తరగతి పాఠంలా తయారైంది. అందుకని కథ పక్కన పెట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మనం రోజూ కోడ్ రాసేవాళ్లమే కాబట్టి లెక్కకి ఎవరూ భయపడరనుకుంటున్నా.

ఆ ఇంటర్న్ మా పెద్దమ్మ కూతురు. నాకంటే మూడేళ్లు పెద్ద. తన పేరు, కంపెనీ పేరు రాయనని మాట ఇచ్చాకే రాయడానికి ఒప్పుకుంది. అందుకని ఇక్కడ అక్క అక్కే, సార్ సారే.

మాది జంగారెడ్డిగూడెం. 2022లో ఏలూరు జిల్లా వచ్చేవరకూ పశ్చిమ గోదావరి అనే రాసుకునేవాళ్లం. గోదావరి జిల్లా అనగానే అందరూ కాలవలు, కొబ్బరిచెట్లు ఊహించుకుంటారు. మాది మెట్ట. ఇక్కడ తేలికనేలల్లో వర్జీనియా పొగాకు పండిస్తారు. ఆకు కొట్టి, బ్యారన్‌లో కాల్చి, గ్రేడ్లు కట్టి, బేళ్లు చేసి పొగాకు బోర్డు వేలం కేంద్రానికి తీసుకెళ్తారు. మా ఊళ్లోనే రెండు వేలం కేంద్రాలున్నాయి. కొయ్యలగూడెం, దేవరపల్లి, గోపాలపురంలో ఒక్కొక్కటి. పొగాకు మంచిదా చెడ్డదా అనే చర్చ ఇక్కడ పెట్టడం లేదు, అది ఇంకో వ్యాసం. మా పెదనాన్న పొగాకు రైతు. మా ఇంట్లో వేసవి అంటే "ఈరోజు ఎంత పోయింది?" అనే ప్రశ్న.

పేపర్లో వేలం వార్త ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఇన్ని బేళ్లు వచ్చాయి, ఇన్ని అమ్ముడయ్యాయి, గరిష్ట ధర ఇంత, కనిష్ట ధర ఇంత, సగటు ధర ఇంత. చిన్నప్పుడు నేను ఆ గరిష్ట ధర చూసి మనం ధనవంతులం అనుకునేదాన్ని. పెదనాన్న మాత్రం సగటే చూసేవాడు. గరిష్ట ధర ఎవడో ఒకడి ఒక్క బేలుకి వస్తుంది, సగటు అందరిదీ అనేవాడు.

అక్కకి డిగ్రీ చివర్లో గుంటూరులో ఇంటర్న్‌షిప్ వచ్చింది. పొగాకు కొనే ఒక కంపెనీ ఆఫీసు. పని చాలా సింపుల్. మా వైపు కేంద్రాల్లో ఆ కంపెనీ కొన్న సరుకు వివరాలు వారానికోసారి షీట్‌లో వేసి, ఒక పేజీ రిపోర్టు చేసి మేనేజర్ సార్‌కి పంపాలి. అందులో పెద్ద అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది, ఆ వారం కేజీకి సగటు ధర. సార్ దాన్ని పైఆఫీసుకి పంపుతారు. వాళ్లు ఆ అంకె చూసి "రేటు పెరుగుతోందా, తగ్గుతోందా, వచ్చే వారం ఎంత కొనాలి" అని మాట్లాడుకుంటారు.

షీట్‌లో ప్రతి వారానికి మూడు వరసలు. బ్రైట్, మీడియం, లో గ్రేడ్. ఒక్కో వరసలో ఎన్ని కేజీలు కొన్నారు, ఏ ధరకి కొన్నారు. అసలు గ్రేడ్లు ఇంకా చాలా ఉంటాయి, ఈ మూడూ వాటిని కలిపి కట్టిన మూటలు. ఇక్కడ రాస్తున్న అంకెలు కూడా అసలువి కావు. లెక్క నోటితో చేసుకోడానికి వీలుగా నేనూ అక్కా కూర్చుని తయారుచేసినవి. కానీ జరిగిన తీరు అదే.

మొదటి వారం బ్రైట్ 50,000 కేజీలు 340 రూపాయల చొప్పున, మీడియం 40,000 కేజీలు 300 చొప్పున, లో గ్రేడ్ 10,000 కేజీలు 220 చొప్పున కొన్నారనుకోండి. రిపోర్టులో సగటు ధర 287 అని వెళ్లింది. రెండో వారం 287. మూడో వారం కూడా 287.

మూడో రిపోర్టు పంపిన రాత్రి పెదనాన్న ఫోన్ చేశాడు. అన్నం తిన్నావా, హాస్టల్లో నీళ్లు వస్తున్నాయా అన్నీ అయ్యాక, "ఇక్కడేం బాలేదమ్మా. ఊళ్లో అందరి దగ్గరా మంచి ఆకు అయిపోయింది. వచ్చేదంతా లో గ్రేడే. సగటు బాగా దిగిపోయింది" అన్నాడు. అక్క "అవునా నాన్నా" అని పెట్టేసింది. పెట్టేశాక గుర్తొచ్చింది, తన రిపోర్టులో సగటు కదలనే లేదు కదా అని.

ఈ ముక్క నాకు చాలా నచ్చింది. ఎర్రర్ మెసేజ్ రాలేదు. షీట్‌లో ఎక్కడా ఎర్రగా మెరవలేదు. అంకె మరీ వింతగా కూడా లేదు, 220కీ 340కీ మధ్యలో బుద్ధిగా కూర్చుంది. అంకె మారకపోవడమే అనుమానం. మారాల్సిన అంకె మారకపోతే అది నిలకడ కాదు. కానీ అది మారాల్సిందని తెలియాలంటే ఊళ్లో ఏ ఆకు వస్తోందో తెలిసిన మనిషి కావాలి.

అక్క లాప్‌టాప్ తీసి ఫార్ములా చూసింది.

```
=AVERAGE(D2:D4)
```

D కాలమ్‌లో మూడు గ్రేడ్ల ధరలున్నాయి. 340, 300, 220 కలిపితే 860, మూడుతో భాగిస్తే 286.67. అంటే 287. ఇందులో కేజీలు ఎక్కడా లేవు. 50,000 కేజీలు కొన్న బ్రైట్‌కీ 10,000 కేజీలు కొన్న లో గ్రేడ్‌కీ ఒకే ఓటు. నిజంగా కావాల్సింది మొత్తం ఇచ్చిన డబ్బుని మొత్తం కేజీలతో భాగించడం.

```
=SUMPRODUCT(C2:C4,D2:D4)/SUM(C2:C4)
```

అక్క ముందు ఏ వారం సరిచూసిందో చెప్తే నమ్మరు. షీట్‌లో రెండో వారం తెరిచి ఉందట, దాన్నే చూసింది. ఆ వారం బ్రైట్ 30,000, మీడియం 40,000, లో గ్రేడ్ 30,000 కేజీలు. ధరలు అవే. డబ్బు మొత్తం 2 కోట్ల 88 లక్షలు, సరుకు లక్ష కేజీలు. కేజీకి 288. రిపోర్టులో 287. ఒక్క రూపాయి తేడా! "హమ్మయ్య" అనుకుని దాదాపు లాప్‌టాప్ మూసేసింది.

ఎందుకు కలిసింది? ఆ వారం మూడు గ్రేడ్లూ ఇంచుమించు సమానంగా వచ్చాయి కాబట్టి. సమానంగా ఉన్నప్పుడు ఆ తప్పు ఫార్ములా కూడా ఒప్పు జవాబే ఇస్తుంది. మనం ఒక్క టెస్ట్ కేస్ రాసి పాస్ అయిందని పండగ చేసుకుంటామే, అదే ఇది.

మూయకుండా మిగతా రెండు వారాలూ చూసింది. మొదటి వారం ఇచ్చిన డబ్బు 3 కోట్ల 12 లక్షలు. లక్ష కేజీలకి కేజీ 312. రిపోర్టులో 287. మూడో వారం బ్రైట్ 10,000, మీడియం 40,000, లో గ్రేడ్ 50,000. డబ్బు 2 కోట్ల 64 లక్షలు. కేజీ 264. రిపోర్టులో మళ్లీ 287. అంటే మూడు వారాల్లో సగటు 312 నుంచి 288కి, అక్కణ్ణుంచి 264కి దిగింది. రిపోర్టు మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంది.

ఇప్పుడు నేను చెప్పిన ట్విస్ట్. అక్క మూడు వారాలూ కలిపి చూసింది. ఇచ్చిన డబ్బు మొత్తం 8 కోట్ల 64 లక్షలు. రిపోర్టు సగటుని మూడు లక్షల కేజీలతో గుణిస్తే 8 కోట్ల 61 లక్షలు. తేడా మూడు లక్షలు, అంటే అర శాతం కూడా లేదు. మొదటి వారం తక్కువ చూపించింది, మూడో వారం ఎక్కువ చూపించింది, రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. నెలాఖరుకి అకౌంట్స్ వాళ్లు పోల్చి చూసినా "రౌండింగ్ అయ్యుంటుంది" అని వదిలేస్తారు. అంటే తను నోరు మూసుకుని వచ్చే వారం నుంచి ఫార్ములా మార్చేస్తే ఎవరికీ, ఎప్పటికీ తెలియదు.

"అప్పుడేం అనిపించింది?" అని అడిగాను. "కాళ్లు చల్లబడ్డాయి. దొరికిపోతానని కాదే, దొరకనని తెలిసి" అంది. దొరికిపోయే తప్పయితే ఆలోచించడానికి ఏముంది, ముందే చెప్పుకోవడం తెలివి. దొరకని తప్పయితే చెప్పడానికి ఒక్క కారణం కూడా బయట కనిపించదు. ఇంకో రెండు వారాల్లో ఇంటర్న్‌షిప్ అయిపోతుంది. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది ఆ సారే.

కానీ అక్కకి ఇంకో విషయం తెలుసు. సార్ అదే రోజు సాయంత్రం పైఆఫీసుతో ఫోన్‌లో "లేదండీ, మన సగటు కదలట్లేదు, స్టడీగానే ఉంది" అనడం పక్క టేబుల్ నుంచి తనే విన్నది. నెల మొత్తం సరిపోవచ్చు. కానీ వాళ్లు నిర్ణయం తీసుకునేది నెల మీద కాదు, వారం మీద.

ఇలాంటిదే ఒకటి ప్రపంచం మొత్తానికి జరిగింది. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు ఒక పేపర్ రాశారు. దేశం అప్పు దాని జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి సగటున మైనస్‌లోకి, మైనస్ 0.1 శాతానికి పడిపోతుందని అందులో వచ్చింది. ఖర్చులు తగ్గించాలనే నాయకులు చాలామంది దాన్ని చూపించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్‌లో చదువుకుంటున్న థామస్ హెర్న్‌డన్ క్లాస్ అసైన్‌మెంట్ కోసం ఆ లెక్క మళ్లీ చేస్తే రాలేదు. వాళ్లనే అడిగి షీట్ తెప్పించుకున్నాడు. చూస్తే AVERAGE ఫార్ములా ఐదు దేశాల వరసలు వదిలేసి ముందే ఆగిపోయింది. అందరికీ గుర్తుండిపోయింది ఆ వరసల సంగతే. కానీ నాకు అక్క కథకి దగ్గరగా అనిపించింది ఇంకొకటి. ఆ లెక్కలో న్యూజిలాండ్‌కి 1951 ఒక్క ఏడాదే ఉంది, వృద్ధి మైనస్ 7.6. బ్రిటన్‌కి 19 ఏళ్లున్నాయి, సగటు 2.4. ఆ ఒక్క ఏడాదికీ ఈ పంతొమ్మిదేళ్లకీ ఒకే బరువు ఇచ్చారు. అన్నీ సరిచేసి హెర్న్‌డన్, అతని ప్రొఫెసర్లు లెక్కేస్తే మైనస్ 0.1 కాస్తా 2.2 అయింది. వదిలేసిన వరసల తప్పుని ఆ ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. బరువుల విషయంలో మాత్రం మా పద్ధతి మాది అన్నారు. మన షీట్‌లో అలా వాదించడానికి లేదు. కేజీకి ఎంత ఇచ్చామో అడిగితే కేజీలతోనే భాగించాలి.

మళ్లీ గుంటూరు. రాత్రి పదకొండున్నర. అక్క మెయిల్ రాయబోయి ఆగింది. రాత్రిపూట మెయిల్ వస్తే సార్ పొద్దున్న ఫోన్‌లో సగం చదివి కంగారు పడతారు, లేదా చదవకుండా ఇంకెవరితోనో అదే 287 చెప్తారు. ఎదురుగా చెప్పాలి, ఆయన పొద్దున్న మొదటి ఫోన్ చేసేలోపే చెప్పాలి అనుకుంది. ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకుంది. ఏ రిపోర్టులు, ఎవరెవరికి వెళ్లాయి, వెళ్లిన అంకె, సరైన అంకె. ఫార్ములాని నమ్మకుండా మొదటి వారం లెక్క కాలిక్యులేటర్‌తో ఇంకోసారి చేసింది. తప్పు దిద్దేటప్పుడు ఇంకో తప్పు చేస్తే మూడోసారి ఎవరూ నమ్మరు కదా.

తర్వాత అసలు కష్టం మొదలైంది. ఏమని చెప్పాలి? అద్దం ముందు రిహార్సల్ చేసిందట. ముందు "సార్, రిపోర్టులో చిన్న తేడా వచ్చింది" అని అనుకుంది. తేడా అంటే ఆయన పైసల తేడా అనుకుంటారు, అంతకంటే మా వైపు తేడా అంటే వేరే అర్థం కూడా ఉంది! తర్వాత "తప్పు జరిగింది సార్". ఇది బాగానే ఉందనిపించింది. కానీ వాన పడింది, కరెంటు పోయింది, తప్పు జరిగింది. మన భాషలో ఇదో సుఖం. గ్లాసు మనం పగలగొట్టం, అదే పగిలిపోతుంది. నేను ఇంగ్లీష్ మీడియంలో చదివాను కాబట్టి తెలుగు వ్యాకరణం గురించి మాట్లాడే అర్హత అంత లేదు గానీ, చేసినవాళ్లు కనపడకుండా వాక్యం పూర్తి చేయడం మనకి చాలా తేలిక. చివరికి అక్క పెట్టుకున్న వాక్యం ఇది: "సార్, నేను పంపిన మూడు రిపోర్టుల్లో సగటు ధర తప్పు." మొదటి మాటే "నేను పంపిన". ఆ వాక్యం మధ్యలో ఆగినా దాక్కోడానికి చోటు లేదు.

ఇంకో చిక్కు. ఆ ఫార్ములా అక్క రాసింది కాదు. షీట్ తనకి ముందు పనిచేసినవాళ్లు వదిలి వెళ్లింది, అందులోనే ఉంది. ఇది చెప్పాలా వద్దా? చెప్తే సాకులా వినపడుతుంది. చెప్పకపోతే పెద్దమనిషి తరహాగా ఉంటుంది. కానీ చెప్పకపోతే అంతకుముందు నెలల రిపోర్టులు కూడా అలాగే వెళ్లాయని ఎవరికీ తెలియదు. నేనైతే ఇక్కడ తికమకపడేదాన్ని. అక్క దాన్ని రెండో వాక్యంగా పెట్టలేదు, చివరికి పెట్టింది.

పొద్దున్న తొమ్మిదింటికి సార్ టీ తాగుతున్నారు. ఆయనది ఒంగోలు వైపు. ఆఫీసులో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు కానీ ఆయన అక్కతో తెలుగులోనే మాట్లాడేవారు.

"సార్, ఒక్క నిమిషం మాట్లాడచ్చా?"

"చెప్పమ్మా."

చెప్పింది. గొంతు వణికిందట, కాగితం కూడా. సార్ గ్లాసు కింద పెట్టారు. కొంచెంసేపు ఏమీ అనలేదు. ఆ కొంచెంసేపు గురించి అక్క ఇప్పటికీ పూర్తిగా చెప్పదు.

"ఎవరెవరికి పోయినయ్?"

కాగితం ఇచ్చింది. ఆయన 312, 288, 264 మీద పెన్ను పెట్టి ఆగారు.

"నిన్న సాయంత్రమే కదమ్మా స్టడీ అని చెప్పింది నేను."

"అవును సార్. విన్నాను. అందుకే మీరు ఫోన్ చేసేలోపు చెప్దామని."

"పంపే ముందు ఒకసారి కేజీలతో గుణించి చూడాల్సింది" అన్నారు, గట్టిగానే. సినిమాల్లోలా "నీ నిజాయితీ నాకు నచ్చింది" అనలేదు. అక్క "అవును సార్" అని, ఇక అప్పుడు చెప్పింది: "ఫార్ములా పాత షీట్‌లోంచే వస్తోంది సార్. నా మూడే కాదు, ముందు నెలలవి కూడా చూడాలి." సార్ తలెత్తి చూశారు. ఆ పాత రిపోర్టులన్నీ దాటి వచ్చింది ఆయన టేబుల్ మీదుగానే. ఆ తర్వాత ఆయన గొంతు తగ్గిందట.

ఇక్కడిదాకా అక్కకి తెలిసిన లెక్క. తర్వాతది సార్‌కి తెలిసిన లెక్క. సవరణ మెయిల్లో 312, 288, 264 అని పెట్టబోతుంటే ఆయన ఆపారు.

"ఇట్టా పంపితే ఏమనుకుంటారు వాళ్లు?"

"రేటు పడిందని సార్."

"పడిందా?"

అక్క మళ్లీ చూసింది. బ్రైట్ మూడు వారాలూ 340. మీడియం 300. లో గ్రేడ్ 220. ఏ గ్రేడ్ రేటూ ఒక్క రూపాయి కూడా పడలేదు. మారింది సరుకు. మొదటి వారం సగం బ్రైట్, మూడో వారం సగం లో గ్రేడ్. సీజన్ చివరికొచ్చేసరికి అలాగే అవుతుంది. తప్పు అంకె "ఏమీ మారలేదు" అంది. ఒప్పు అంకెని ఒంటరిగా పంపితే "మార్కెట్ పడిపోయింది" అని అబద్ధం చెప్తుంది. రేటు పడిందనుకుని పైవాళ్లు ఎక్కువ కొనమంటే, కొనేది లో గ్రేడే. అందుకని మెయిల్లో సగటు పక్కనే మూడు గ్రేడ్ల ధరలూ, ఏ గ్రేడ్ ఎంత వాటా వచ్చిందో అదీ పెట్టారు. మెయిల్ సార్ పేరు మీదే వెళ్లింది, అక్కకి కాపీ. అందులో "మా రిపోర్టుల్లో" అని ఉంది. "ఇంటర్న్" అనే మాట లేదు.

ఇది విన్నప్పుడు నాకు పెదనాన్న గుర్తొచ్చాడు. ఆయన కూడా ఫోన్‌లో "సగటు దిగిపోయింది" అన్నాడు గానీ దానికి ముందు "మంచి ఆకు అయిపోయింది" అన్నాడు. రెండు ముక్కలూ కలిపే చెప్పాడు.

పాత నెలల రిపోర్టులు తిరగేయడానికి అక్కకి నాలుగు రోజులు పట్టింది. కొన్ని వారాలు రెండో వారంలాగా అదృష్టవశాత్తూ దగ్గరగా ఉన్నాయి, కొన్ని లేవు. ఆ నాలుగు రోజులూ సార్ పెద్దగా మాట్లాడలేదు. తర్వాత మామూలే. సర్టిఫికెట్ వచ్చింది, అందులో అందరికీ రాసే రెండు వాక్యాలే ఉన్నాయి.

వెళ్లిపోయేముందు అక్క ఆ షీట్ కింద ఒక వరస కలిపింది. సగటుని మొత్తం కేజీలతో గుణించి, అందులోంచి బిల్లుల మొత్తం తీసేస్తుంది. సున్నా రావాలి. రాకపోతే ఆ గడి ఎర్రగా మారుతుంది.